అక్షాంశాలు, రేఖాంశాలు: గ్లోబు దగ్గర మొదలుపెట్టి ఖాళీ మ్యాపులో చుక్క పెట్టేదాకా

ఆరో తరగతిలో ఎవరిని లేపి అడిగినా "అడ్డగీతలు అక్షాంశాలు, నిలువుగీతలు రేఖాంశాలు సార్" అని గడగడా చెప్పేస్తారు. ఖాళీ మ్యాపు ఇచ్చి హైదరాబాద్ పెట్టమంటే అదీ పెట్టేస్తారు. పాఠం వచ్చేసిందని నేనూ కొన్నేళ్లు అనుకున్నాను. ఒకరోజు ఊరి పేరు చెప్పకుండా "16.6° ఉత్తరం, 79.3° తూర్పు, అక్కడ చుక్క పెట్టండి" అన్నాను. తరగతిలో పిల్లలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ వాళ్లు హైదరాబాద్‌ని పెట్టింది అక్షాంశం చూసి కాదు, గోడ మీద మ్యాపులో అది ఎక్కడ ఉంటుందో గుర్తుండి. అంకెలు వేరేగా బట్టీ పట్టారు, చోటు వేరేగా గుర్తుపెట్టుకున్నారు. ఆ రెండింటికీ సంబంధం కుదరలేదు.

ఆ సంబంధం కుదిర్చే పద్ధతి ఇది. నాలుగు పీరియడ్లు పడుతుంది. గ్లోబుకి ఒకటిన్నర, పిల్లలే గీసుకునే గళ్ళకి ఒకటి, అవుట్‌లైన్ మ్యాపులకి మిగతాది. వరస మాత్రం మార్చకండి. మ్యాపుతో మొదలుపెడితే అక్షాంశం అంటే కాగితం మీద గీత అని పిల్లల మనసులో పడిపోతుంది. దాన్ని తీయడం తర్వాత చాలా కష్టం.

కావలసినవి

బడిలో ఉన్న గ్లోబు ఏదైనా సరే. వైట్‌బోర్డు మార్కర్ ఒకటి, తడిగుడ్డ, రెండు వేళ్ల వెడల్పున కత్తిరించిన కాగితపు పట్టీలు, కోణమాని, స్కేలు, రెండు బత్తాయిలు, ఇద్దరికొకటి చొప్పున అవుట్‌లైన్ మ్యాపులు. మార్కర్‌ని ముందు గ్లోబు మీద అంటార్కిటికా దగ్గర ఓ మూల గీసి చూడండి. ప్లాస్టిక్ గ్లోబు మీద తుడిస్తే పోతుంది. కాగితం అతికించిన పాత గ్లోబు మీద పోదు. నేను చూసుకోకుండా గీసిన గీత ఒకటి మా గ్లోబు మీద పసిఫిక్ మహాసముద్రంలో ఇప్పటికీ ఉంది. కాగితపు గ్లోబైతే సుద్దముక్క వాడండి.

మొదటి అడుగు: గ్లోబు తిప్పితే అక్షాంశం, ఫ్రేము చూస్తే రేఖాంశం

చాలామంది గ్లోబుకి రబ్బరు బ్యాండ్లు వేసి అక్షాంశాలు చూపిస్తారు. భూమధ్యరేఖ మీద బ్యాండు ఎలాగో నిలుస్తుంది. 17° దగ్గర వేస్తే కాసేపటికి పైకి జారి ధ్రువం వైపు పోతుంది. అక్కడి వలయం చిన్నది, పైకి పోయేకొద్దీ ఇంకా చిన్నది. సాగిన రబ్బరు ఎప్పుడూ చిన్న చుట్టు వైపే లాగుతుంది. తప్పు మీది కాదు, పద్ధతిది.

దానికి బదులు ఇలా చేయండి. మార్కర్ మొనని గ్లోబు మీద హైదరాబాద్ దగ్గర ఆనించి చెయ్యి కదలకుండా పట్టుకోండి. ఒక పిల్లవాడు గ్లోబుని నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పాలి. గీత బయల్దేరిన చోటుకే వచ్చి కలుస్తుంది. అదే హైదరాబాద్ అక్షాంశం. ఆ గీత ఏయే దేశాల మీదుగా పోయిందో పిల్లల చేత చదివించండి. మయన్మార్‌లో యాంగాన్ పక్కనుంచి, ఒమన్‌లో సలాలా పక్కనుంచి, ఆఫ్రికాలో సూడాన్, చాద్, నైజర్, మాలీల గుండా పోయి మెక్సికో దక్షిణ భాగాన్ని కూడా తాకుతుంది. "వీళ్లందరికీ మొదటి అంకె మనదే, దాదాపు 17" అనండి. అక్షాంశం ఒక్క ఊరిది కాదనీ ఒక వలయం మొత్తానిదనీ ఇక్కడే తెలియాలి. అందుకే రెండో అంకె అవసరమౌతుంది. ఈ వలయంలో మనం ఎక్కడున్నామో అది చెబుతుంది.

రేఖాంశం చూపించడానికి గీయక్కర్లేదు. గ్లోబుని పట్టుకుని ఉండే అర్ధచంద్రాకారపు ఫ్రేము ధ్రువం నుంచి ధ్రువానికి పోతుంది కదా, అదే ఒక రేఖాంశం. హైదరాబాద్‌ని ఫ్రేము కిందికి తెచ్చి ఆపండి. ఫ్రేము కింద పైనుంచి కిందికి ఉన్నవన్నీ 78½° రేఖాంశం మీద ఉన్నవే. ఫ్రేము సగం చుట్టే ఉందని కూడా చూపించండి. అక్షాంశం పూర్తి వలయం, రేఖాంశం అర్ధవలయం. అవతలి వైపు అర్ధవలయానికి వేరే అంకె ఉంటుంది.

బత్తాయి ఇప్పుడు తీయండి. ఒకదాన్ని అడ్డంగా చక్రాలు కోస్తే అక్షాంశాలు కనిపిస్తాయి, మధ్య చక్రం పెద్దది, పైనా కిందా చిన్నవి. రెండోదాన్ని తొక్క వలిచి తొనలు విడదీయకుండా చూపిస్తే రేఖాంశాలు. అన్ని తొనలూ పైనా కిందా ఒకేచోట కలుస్తాయి. ఒక్క జాగ్రత్త చెప్పాలి. రేఖాంశమంటే తొన కాదు, రెండు తొనల మధ్య సందు. ఇది ఇక్కడ వదిలేస్తే తర్వాత గళ్ళలో పెద్ద చిక్కు తెస్తుంది. చెప్పడం అయ్యాక పండు ఎవరికి పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

రెండో అడుగు: డిగ్రీ అంటే ఏమిటి

"17 డిగ్రీలు అంటే 17 ఏమిటి సార్?" అని ఒక్క పిల్లయినా అడుగుతుంది. అడగకపోతే మీరే అడగండి.

బోర్డు మీద పెద్ద వృత్తం గీయండి. అది గ్లోబుని పక్కనుంచి చూసినట్టు. మధ్యలో అడ్డంగా భూమధ్యరేఖ. కోణమాని మధ్య బిందువుని వృత్తకేంద్రం మీద పెట్టి 17° దగ్గర గుర్తుపెట్టి, కేంద్రం నుంచి ఆ గుర్తు మీదుగా వృత్తం అంచుదాకా గీత లాగండి. ఆ గీత అంచుని తాకిన చోటు నుంచి భూమధ్యరేఖకి సమాంతరంగా అడ్డగీత గీస్తే అదే ఇందాక మార్కర్‌తో గీసిన వలయం, పక్కనుంచి చూస్తే కనిపించే తీరు. కోణం భూమి లోపల కేంద్రం దగ్గర ఉంది, గీత పైన ఉపరితలం మీద ఉంది. ఇంత చాలు. ఆరో తరగతికి ఇంతకంటే లోతు అక్కర్లేదు.

ఇప్పుడు పిల్లలే కొలత పట్టీ చేసుకోవాలి. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. కాగితపు పట్టీ ఒక కొసని భూమధ్యరేఖ మీద ఆనించి, ఒక రేఖాంశం వెంబడే ధ్రువం దాకా పరిచి అక్కడ కత్తిరించాలి. ధ్రువం దగ్గర చాలా గ్లోబులకి బిళ్ళ ఉంటుంది, పట్టీ దాని అంచు దగ్గరే ఆగిపోతుంది. బిళ్ళ మధ్యదాకా అంచనా వేసి ఆ కాస్త కలుపుకోవాలి. భూమధ్యరేఖ నుంచి ధ్రువానికి 90°. పట్టీని విసనకర్ర మడతలా మూడు సమభాగాలు చేస్తే ఒక్కోటి 30°. ఒక్కో భాగాన్ని మళ్ళీ మూడు చేస్తే 10°. మడతల దగ్గర 0, 10, 20 అని 90 దాకా రాయాలి. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబైతే పట్టీ ఇరవై మూడున్నర సెంటీమీటర్లు వస్తుంది, పది డిగ్రీలకి 2.6 సెంటీమీటర్లు. మీ గ్లోబు చిన్నదైతే ఈ కొలతలు మారతాయి, మడత పద్ధతి మారదు.

పట్టీ సున్నాని భూమధ్యరేఖ మీద పెట్టి హైదరాబాద్ దాకా కొలిస్తే 10కి 20కి మధ్య, 20కి దగ్గరగా వస్తుంది. పిల్లలు 17, 18 అంటారు. అది చాలు. భూమ్మీద ఒక్క డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లని కూడా అప్పుడే చెప్పేస్తే, హైదరాబాద్ నుంచి భూమధ్యరేఖ ఎంత దూరమో వాళ్లే లెక్క కడతారు. పదిహేడున్నరని 111తో హెచ్చిస్తే ఇంచుమించు 1,940 కిలోమీటర్లు.

అదే పట్టీతో రేఖాంశం కొలవాలంటే? హైదరాబాద్ నుంచి రేఖాంశం వెంబడే కిందికి దిగి భూమధ్యరేఖ మీదికి వచ్చి, అక్కడి నుంచి పడమరగా గ్రీనిచ్ రేఖాంశం కలిసే చోటుదాకా కొలవాలి. 78 దాటి వస్తుంది. "హైదరాబాద్ దగ్గరే అడ్డంగా ఎందుకు కొలవకూడదు?" అంటే పట్టీని 60° అక్షాంశం మీద పరిచి చూపించండి. పట్టీ మీద 10° అన్న ముక్క అక్కడ 20° రేఖాంశాల్ని కప్పేస్తుంది. రేఖాంశాల మధ్య దూరం భూమధ్యరేఖ దగ్గర ఎక్కువ, 60° దగ్గర సగం, ధ్రువం దగ్గర సున్నా. ఈ మాట పుస్తకంలో కూడా ఉంటుంది. తన పట్టీ సరిపోకపోవడం కళ్లారా చూసిన పిల్ల మాత్రం దాన్ని మర్చిపోదు.

మూడో అడుగు: ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర రాయకపోతే ఏమౌతుంది

గ్లోబు పక్కన పెట్టేముందు ఇంకో పది నిమిషాలు. బోర్డు మీద "17°, 78°" అని మాత్రమే రాసి వెతకమనండి. అంకెలు అవే గానీ నాలుగు చోట్లున్నాయి. ఉత్తరం, తూర్పు అయితే మన తెలంగాణ. ఉత్తరం, పడమర అయితే జమైకాకి దక్షిణంగా కరీబియన్ సముద్రం. దక్షిణం, తూర్పు అయితే హిందూ మహాసముద్రం నడిమధ్య. దక్షిణం, పడమర అయితే పెరూ తీరానికి ఆవల పసిఫిక్. నాలుగిట్లో మూడు నీళ్ళే. దిక్కు రాయని అంకెకి సగం మార్కులే ఎందుకిస్తారో ఇక మీరు వివరించక్కర్లేదు.

రెండో ప్రమాదం వరస తారుమారు కావడం. లెక్కల్లో గ్రాఫు నేర్చుకున్న పిల్లలకి ముందు అడ్డంగా జరగడం, తర్వాత పైకెక్కడం అలవాటు. ఇక్కడ ముందు చెప్పేది అక్షాంశం, అంటే ముందు పైకి, తర్వాత పక్కకి. ఫోనులో చార్మినార్ మీద వేలు నొక్కి పట్టుకుంటే `17.3616, 78.4747` అని వస్తుంది, అందులోనూ మొదటిది అక్షాంశమే. తారుమారు చేసి 78° ఉత్తరం, 17° తూర్పు అని వెతికితే నార్వేకి ఉత్తరాన స్వాల్‌బార్డ్ మంచు దీవుల్లో తేలతాం. చార్మినార్ దగ్గర ధ్రువపు ఎలుగుబంట్లు అనగానే పిల్లలు నవ్వుతారు, ఆ వరస మళ్ళీ తప్పరు.

మన దేశం వరకు ఒక సులువైన తనిఖీ ఉంది. ప్రధాన భూభాగం అక్షాంశాలు 8 నుంచి 37 దాకా, రేఖాంశాలు 68 నుంచి 97 దాకా. ఈ రెండు వరసలూ ఎక్కడా కలవవు. కాబట్టి భారతదేశంలో ఊరికి మొదటి అంకె 68 కంటే ఎక్కువ ఉంటే తారుమారైనట్టే.

నాలుగో అడుగు: గళ్ళు గీసుకోవడం

ఇప్పుడు కాగితం. అచ్చు మ్యాపు కాదు, తెల్లకాగితం. 12° నుంచి 20° దాకా అక్షాంశాలు, 76° నుంచి 85° దాకా రేఖాంశాలు, డిగ్రీకి 2 సెంటీమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఇందులో పట్టేస్తాయి. ఎత్తు 16, వెడల్పు 18 సెంటీమీటర్లు.

మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. 12 నుంచి 20కి ఎనిమిది గళ్ళు కాబట్టి ఎనిమిది గీతలు గీస్తారు. గీతలు తొమ్మిది కావాలి. కంచెకి ఎనిమిది సందులుంటే గుంజలు తొమ్మిది. నిలువుగీతలు అలాగే పది. రెండో తప్పు, అంకెని గడి మధ్యలో రాయడం. ఇందాకటి తొన, సందు గొడవ ఇదే. అంకె గీత కొస దగ్గరే ఉండాలి. అట్లాసు వెనక ఊళ్ళ పట్టికలో కొన్నిసార్లు గడికి పేరు పెడతారు, అందుకే పిల్లలు 17 అంటే 17కి 18కి మధ్య గడి అనుకుంటారు. 17 అంటే గీత. గడిలో ఉన్నవి 17 పాయింట్ ఏదో.

నిజానికి ఇక్కడ మన అక్షాంశాల దగ్గర డిగ్రీ రేఖాంశం డిగ్రీ అక్షాంశం కంటే కొంచెం తక్కువ, 111కి బదులు 106 కిలోమీటర్ల దాకా. రెండు సెంటీమీటర్లలో అది ఒక మిల్లీమీటరు లోపే. చదరపు గళ్ళు గీసినా పెద్ద తేడా రాదు. పిల్లలకి ఇది చెప్పనక్కర్లేదు, తెలివైనవాడు అడిగితే మాత్రం పట్టీ గుర్తుచేయండి.

ఇప్పుడు హైదరాబాద్‌ని మొదటిసారి నిజంగా పెడదాం. పుస్తకంలో 17°23′ ఉ., 78°29′ తూ. అని ఉంటుంది. డిగ్రీకి 60 నిమిషాలు. 23ని 60తో భాగిస్తే 0.38, 29ని భాగిస్తే 0.48. అంటే 17.4, 78.5 అనుకుందాం. 17 గీత నుంచి పైకి 0.4 డిగ్రీ, డిగ్రీకి 20 మిల్లీమీటర్లు కాబట్టి 8 మిల్లీమీటర్లు. 78 గీత నుంచి కుడికి 10 మిల్లీమీటర్లు. రెండూ కలిసిన చోట చుక్క. 17°23′ని చాలామంది 17.23 అని చదివేస్తారు. అప్పుడు చుక్క మూడు మిల్లీమీటర్లు కిందికి పడుతుంది, నేలమీద పదిహేడు కిలోమీటర్ల తేడా. చిన్న పిల్లలతోనైతే నిమిషాల జోలికి పోకుండా దశాంశాలే ఇవ్వడం నయం.

దీని తర్వాత అసలు పని. కింది చుక్కలు పెట్టి వరసగా కలపమనండి. ఊళ్ళ పేర్లు చెప్పకండి. మీ కాగితంలో ఉంచుకోండి.

- 19.1, 84.7 (ఇచ్ఛాపురం)
- 18.3, 84.1 (కళింగపట్నం)
- 17.7, 83.3 (విశాఖపట్నం)
- 17.0, 82.2 (కాకినాడ)
- 16.3, 81.7 (అంతర్వేది)
- 16.2, 81.1 (మచిలీపట్నం)
- 15.9, 80.7 (నిజాంపట్నం)
- 15.4, 80.2 (కొత్తపట్నం)
- 14.3, 80.1 (కృష్ణపట్నం)
- 13.7, 80.2 (శ్రీహరికోట)

ఆరో చుక్కకి ఎవరో ఒకరు "సార్, ఇది మన సముద్రపు ఒడ్డు!" అంటారు. ఖాళీ గళ్ళలోంచి తెలిసిన ఆకారం బయటపడటమే ఈ పాఠానికి ప్రాణం. చుక్క తప్పితే ఒడ్డు విరిగి కనిపిస్తుంది కాబట్టి మీరు దిద్దక్కర్లేదు, పక్కవాళ్లే "నీ వైజాగ్ ఎక్కడికో పోయింది రా" అంటారు.

కలపడం అయ్యాక అమలాపురం పెట్టమనండి, 16.6, 82.0. చుక్క గీతకి కుడివైపున, సముద్రంలో పడుతుంది. తప్పెవరిది? ఎవరిదీ కాదు. కాకినాడ నుంచి అంతర్వేదికి తిన్నగా గీత లాగేసి కోనసీమ మొత్తాన్ని నీళ్ళలో ముంచాం. ఆ రెంటి మధ్య 16.6, 82.3 దగ్గర ఇంకో చుక్క పెట్టి కలిపితే డెల్టా ముందుకు పొడుచుకొచ్చి అమలాపురం ఒడ్డెక్కుతుంది. చుక్కలు పెరిగేకొద్దీ మ్యాపు నిజానికి దగ్గరౌతుందన్న సంగతి వేరే ఉపన్యాసం లేకుండా వచ్చేస్తుంది. కోనసీమ నుంచి వచ్చిన పిల్లలుంటే గొడవ ఇంకా బాగుంటుంది.

అయిదో అడుగు: అచ్చు అవుట్‌లైన్ మీద గళ్ళు ఎక్కించడం

షాపులో దొరికే రాష్ట్రాల అవుట్‌లైన్ మీద తరచుగా డిగ్రీ గుర్తులేమీ ఉండవు. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి ఉన్న మ్యాపైతే ఇలా చేయండి. దక్షిణపు కొస, చిత్తూరు జిల్లా కుప్పం కింద, 12.6°. ఉత్తరపు కొస, ఆదిలాబాద్ పైన, 19.9°. మధ్యలో 7.3 డిగ్రీలు. మ్యాపులో ఈ రెండు కొసల మధ్య నిలువు ఎత్తు కొలిచి 7.3తో భాగిస్తే డిగ్రీకి ఎన్ని సెంటీమీటర్లో వస్తుంది. ఎత్తు 16 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం, డిగ్రీకి 2.2. అడ్డంగా అనంతపురం వైపు పడమటి కొస 76.8°, ఇచ్ఛాపురం వైపు తూర్పు కొస 84.8°, అంటే 8 డిగ్రీలు. ఇక్కడ డిగ్రీ రేఖాంశం కొంచెం తక్కువ కాబట్టి 2.1 చొప్పున వెడల్పు 17 సెంటీమీటర్లకి అటూఇటూ రావాలి. అంతకంటే బాగా తేడా ఉంటే ఆ మ్యాపుని జిరాక్సులో ఎక్కడో సాగదీశారు. పక్కన పడేయండి. సాగిన మ్యాపు మీద ఏ లెక్కా కుదరదు, పిల్లలు తమదే తప్పనుకుంటారు.

కొసల నుంచి మొదలుపెట్టి గీతలు గీయాలి. 12.6 నుంచి 13 గీతకి 0.4 డిగ్రీ, అంటే 9 మిల్లీమీటర్లు పైకి. అక్కడి నుంచి 2.2 సెంటీమీటర్లకొక గీత. గీశాక ఇచ్ఛాపురం, హైదరాబాద్ పెట్టి చూసుకోండి.

భారతదేశం అవుట్‌లైన్‌తో కథ వేరు. అంచుల్లో డిగ్రీ గుర్తులున్న మ్యాపే కొనండి, తరచు నాలుగేసి డిగ్రీలకి ఉంటాయి. గీతలు గీసేముందు పై అంచులో 72, 76 గుర్తుల మధ్య దూరం, కింది అంచులో అదే దూరం కొలిచి చూడండి. రెండూ సమానమైతే స్కేలు పెట్టి తిన్నగా కలిపేయవచ్చు. పైన తక్కువగా, కింద రెండు సెంటీమీటర్లుంటే పైన పదహారు మిల్లీమీటర్ల లాగా ఉంటే, గుండ్రటి భూమిని శంకువులా చుట్టిన కాగితం మీదికి దించి చేసిన మ్యాపు అది. మన దేశం మ్యాపులు ఎక్కువగా ఇలాంటివే. అందులో రేఖాంశాలు పైకి పోయేకొద్దీ దగ్గరౌతాయి, మధ్యలోది మాత్రమే నిటారుగా ఉంటుంది. అక్షాంశాలు మధ్యలో కిందికి కుంగిన వంపుగీతలు.

దీన్ని పిల్లలకి ఒక్క ఉదాహరణతో చూపవచ్చు. కన్యాకుమారి, బెంగళూరు, అనంతపురం, భోపాల్, ఢిల్లీ, అయిదూ 77½° రేఖాంశానికి అటూఇటూ ఉన్నవే. కన్యాకుమారి నుంచి స్కేలుని కాగితం అంచుకి సమాంతరంగా నిటారుగా పెట్టి గీస్తే ఢిల్లీ ఆ గీతకి కుడివైపున కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉండిపోతుంది. పై గుర్తునీ కింది గుర్తునీ కలిపితే గీత కొంచెం వాలి ఢిల్లీ పక్కకే వస్తుంది. అక్షాంశాలు మరీ చిక్కు. ఎడమ అంచు, కుడి అంచు గుర్తుల్ని స్కేలుతో కలిపితే ఏ4 సైజు మ్యాపు మధ్యలో గీత నిజమైన చోటు కంటే అర సెంటీమీటరు దాకా పైన పడుతుంది, నేలమీద డెబ్బై కిలోమీటర్ల పైమాటే. పురికొస దారాన్ని రెండు గుర్తుల మధ్య పరిచి మధ్యలో వేలితో ఆ మాత్రం కిందికి లాగి దాని వెంబడే పెన్సిల్‌తో గీస్తే సరిపోతుంది. కర్కటరేఖకి కూడా ఇదే పద్ధతి. గీశాక అగర్తలా గీతకి పైన, భోపాల్ కొంచెం కింద, కోల్‌కతా బాగా కింద ఉండాలి.

82½° ప్రామాణిక రేఖాంశం గీసినప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. అది కాకినాడ మీదుగా పోతుందని చదువుకుని ఉంటారు. తీరా గీస్తే కాకినాడ గీతకి పడమరగా ఉంటుంది. కాకినాడ 82.2, కాబట్టి పిల్లవాడు గీసిందే సరైనది. గీత నేలమీద అన్నవరానికీ తునికీ మధ్య పోతుంది. "కాకినాడ దగ్గర" అన్నమాట వాడుకలో "మీదుగా" అయిపోయింది. ఇలాంటి చోట పిల్లవాడి చుక్కని కొట్టేయకండి.

వీలుంటే రేఖాంశం అంకెని ఒకసారి గడియారంతో ముడిపెట్టండి. ఒక్కో డిగ్రీకి సూర్యుడు నాలుగు నిమిషాలు ఆలస్యం. విశాఖ 83.3, హైదరాబాద్ 78.5. తేడా 4.8, అంటే పంతొమ్మిది నిమిషాలు. రెండు ఊళ్ళ గడియారాలూ ఒకటే చూపిస్తాయి గానీ నడినెత్తిన ఎండ విశాఖలో అంత ముందు వస్తుంది.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

పరీక్షలో పెద్ద ఊళ్ళ పేర్లు అడగకండి, అవి గుర్తుండి పెట్టేస్తారు. పేరు లేని అంకెలివ్వండి. రెండు సెంటీమీటర్ల గళ్ళలో రెండు మిల్లీమీటర్ల లోపు తేడా ఉంటే పూర్తి మార్కులు, అంటే పదకొండు కిలోమీటర్ల దాకా క్షమించవచ్చు. చుక్క సరిగ్గా ఒక గడి పక్కన పడితే అంకెని గడికి ఇచ్చుకున్నాడని అర్థం. కాగితంలో ఎక్కడా పట్టకపోతే వరస తారుమారు. కొద్దిగా కిందికో ఎడమకో జరిగితే నిమిషాల్ని దశాంశాలుగా చదివాడు. తప్పు ఏదో చుక్కే చెప్పేస్తుంది కాబట్టి మళ్ళీ మొదటినుంచీ పాఠం చెప్పక్కర్లేదు.

నేను చివర ఇచ్చేది మొదట్లో అడిగి భంగపడ్డ చుక్కే. గళ్ళ మ్యాపులో ముందు శ్రీశైలం, 16.1, 78.9, తర్వాత విజయవాడ, 16.5, 80.6 పెట్టించి, ఆ రెండింటినీ కలిపే నది ఏదని అడుగుతాను. ఆ తర్వాత 16.6, 79.3. చుక్క పెట్టి కాసేపు చూస్తారు. శ్రీశైలం కంటే దిగువన, విజయవాడ కంటే ఎగువన, కృష్ణ మీద, రెండు రాష్ట్రాల మధ్య. వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు "సార్, నాగార్జున సాగర్ డ్యామా?" అంటారు.